సీసాలో లేని వాల్వు: అంగిలి చీలిన బాబుకు పాలు పట్టిన కేసు

గ్రహణమొర్రి, అంగిలి చీలిక ఉన్న పిల్లలకు ఆపరేషన్లు చేసే ఆసుపత్రిలో నేను నర్సుని. అలాంటి పిల్లలకు పాలు ఎలా పట్టాలో ఇంట్లోవాళ్లకు నేర్పడం నా పని. ఈ కేసు రాయడానికి కారణం ఇందులో నేను చేసిన పొరపాటు. దానివల్ల బాబు ఒక వారమంతా దాదాపు బరువు పెరగలేదు. అది ఎలా జరిగింది, ఎలా బయటపడింది అన్నది ఇదే పని చేసేవాళ్లకు, ఇంట్లో ఇలాంటి పాపో బాబో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

బాబు మా దగ్గరికి వచ్చేసరికి

తొలి కాన్పు. నెలలు నిండాక సిజేరియన్ చేశారు. పుట్టినప్పుడు బాబు బరువు 2,750 గ్రాములు. ఎడమవైపు పైపెదవి ముక్కు రంధ్రం దాకా చీలి ఉంది. చిగురు, దాని వెనక అంగిలి కూడా కొండనాలుక దాకా చీలి ఉన్నాయి. పుట్టిన ఆసుపత్రిలో ఐదో రోజు ఇంటికి పంపుతూ రెండు మాటలు చెప్పారట: చెంచాతో పాలు పట్టండి, మూడు నెలలకు ఆపరేషన్ చేయించండి. ఎంత పట్టాలి, ఎలా కూర్చోబెట్టాలి, మధ్యలో ఎవరికి చూపించాలి అన్నది ఎవరూ చెప్పలేదు.

పద్నాలుగో రోజున ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి తూకం వేస్తే బరువు తగ్గినట్టు కనిపించింది. ఆమె పట్టుబట్టి, పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకమైన ఆర్‌బీఎస్‌కే టీమ్ ద్వారా మా దగ్గరికి పంపింది. వాళ్లు వచ్చేసరికి బాబుకు 18 రోజులు. మా తూకంలో 2,420 గ్రాములు. ఏ బిడ్డయినా పుట్టిన మొదటి రోజుల్లో కొంత తగ్గుతుంది. కానీ రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. ఈ బాబు ఇంకా 330 గ్రాములు వెనకే ఉన్నాడు, అంటే 12 శాతం. తొడల దగ్గర చర్మం వదులుగా వేలాడుతోంది. రోజుకు మూడుసార్లే మూత్రం పోస్తున్నాడు. ఏడుపు సన్నగా, బలం లేకుండా ఉంది.

వచ్చింది ముగ్గురు: తల్లి, అమ్మమ్మ, తాతయ్య. అప్పటిదాకా ఏమేం చేశారో అమ్మమ్మ వరసగా చెప్పింది. మొదట తల్లి రొమ్ముకే పట్టారు. గంటసేపు నోరాడించి నిద్రపోయేవాడు, అరగంటకే లేచి ఏడ్చేవాడు. తర్వాత మెడికల్ షాపులో మామూలు పాలసీసా కొన్నారు. పీల్చలేకపోతున్నాడని తాతయ్య పిన్నీసు కాల్చి నిపుల్ రంధ్రం పెద్దది చేశారు. దాంతో పాలు ఒక్కసారిగా ధారగా పడి బాబుకు పొలమారింది, పెదవులు నీలంగా అయ్యాయి. ఆ రోజు నుంచి సీసా అంటేనే అందరికీ భయం. చివరికి అమ్మమ్మ తన పద్ధతికి వచ్చింది. కాళ్లు చాపి, వాటి మీద బాబును వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో పోసింది. సగం పాలు ముక్కులోంచి వచ్చేసేవి.

తల్లి ఏమీ మాట్లాడలేదు. అమ్మమ్మ చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లినప్పుడు మెల్లిగా అడిగింది: "మేడమ్, ఐదో నెలలో గ్రహణం రోజు నేను బయటికొచ్చాను. మా అత్తగారు అందుకే ఇలా అయిందంటున్నారు. నిజమేనా?" పాలు పట్టే సంగతి పక్కన పెట్టి ముందు దీనికే జవాబు చెప్పాను. పైపెదవి కలుసుకునేది కడుపు మొదలైన ఏడో వారంలోపు. అంగిలి మూసుకునేది 12వ వారంలోపు. ఐదో నెల వచ్చేసరికి ఆ పని అయితే అయిపోయినట్టే, కాకపోతే కానట్టే. నెలలు వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. అదే లెక్క అమ్మమ్మ లోపలికి వచ్చాక ఆమెకూ చూపించాను. తప్పు తనదేనని లోపల కుమిలిపోతున్న తల్లికి పాలు పిండుకోవడం కూడా కష్టమవుతుంది. అందుకే ఆ మాటను తర్వాత చూద్దామని వాయిదా వేయలేదు.

రొమ్ము పట్టించి తూకం వేస్తే

మా పిల్లల డాక్టరుగారు చూసి, నీరు తగ్గిన లక్షణాలు ఉన్నాయని అడ్మిట్ చేశారు. రక్తంలో చక్కెర బాగానే ఉంది, సోడియం కాస్త ఎక్కువగా వచ్చింది. పాలు సరిగా అందని పిల్లల్లో ఇది కనిపిస్తుంటుంది. బాబు మెలకువగానే ఉన్నాడు కాబట్టి, వెంటనే సెలైన్ పెట్టకుండా నోటితో పాలు పట్టి చూద్దామన్నారు.

నేను మొదట ఏదీ మార్చలేదు. "మీరు ఇంట్లో ఎలా పడతారో అలాగే పట్టండమ్మా" అని తల్లితో చెప్పి పక్కన కూర్చున్నాను. పట్టే ముందు బాబును బట్టలతో సహా తూచాను. 35 నిమిషాలు రొమ్ము దగ్గర ఉన్నాడు. దవడ చక్కగా ఆడుతోంది, చప్పరింపు వినిపిస్తోంది. చూసేవాళ్లెవరైనా బాగా తాగుతున్నాడనే అనుకుంటారు. తర్వాత అవే బట్టలతో మళ్లీ తూచాను. పెరిగింది 5 గ్రాములు, ఒక టీస్పూన్ పాలు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఇంట్లోవాళ్లకు బోరింగు పంపుతో చెబుతాను. వాషర్ పోయిన బోరింగును ఎంత కొట్టినా హ్యాండిల్ ఆడుతుంది, చప్పుడొస్తుంది, నీళ్లు మాత్రం రావు. బిడ్డ పాలు పీల్చాలంటే నోట్లో గాలి చొరబడని గది ఏర్పడాలి. ముందు పెదవులు, పైన అంగిలి, కింద నాలుక కలిసి ఆ గదిని మూస్తాయి. అంగిలి చీలితే ముక్కులోంచి గాలి వచ్చేస్తూ ఉంటుంది, పీల్చే బలం పుట్టదు. అయితే అలాంటి బిడ్డలో చాలావరకు రెండు పనులు చెడిపోవు: దవడతో నొక్కడం, మింగడం. మన ఉపాయమంతా ఈ రెంటి మీదే ఆధారపడాలి.

పెదవి మాత్రమే చీలి అంగిలి బాగున్న పిల్లల సంగతి వేరు. చీలిన చోట తల్లి రొమ్మే అడ్డుపడి మూసేస్తుంది కాబట్టి వాళ్లలో చాలామంది నేరుగా తాగగలరు. అందుకే పెదవి ఒక్కటే చీలినట్టు కనిపించినా, నోరు తెరిచి లైటు వేసి అంగిలి చివరిదాకా చూడకుండా ఏ సలహా ఇవ్వకూడదు.

ముక్కు గొట్టమా, నోరా?

ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేస్తే ఆ పూటకు పాలు కచ్చితంగా లోపలికి వెళ్తాయి. డ్యూటీలో ఉన్న ఇంకో సిస్టరు అదే సురక్షితం అంది. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ గొట్టానికి అలవాటు పడ్డ బిడ్డ నోటితో తాగడం నేర్చుకునే రోజులు పోగొట్టుకుంటాడు. పైగా ఇంటికెళ్లాక గొట్టం ఊడితే ఆ ఊళ్లో మళ్లీ వేసేవాళ్లు లేరు.

నిర్ణయించే ముందు మూడు విషయాలు చూశాను. కింది దవడ చిన్నగా, వెనక్కి పోయినట్టు ఉందా? లేదు. వెల్లకిలా పడుకోబెడితే గురక లాంటి చప్పుడు కానీ, డొక్కలు ఎగరేయడం కానీ ఉందా? లేదు. నిటారుగా పట్టుకుని 5 మి.లీ. పాలు కొంచెం కొంచెంగా పోస్తే రంగు మారకుండా, దగ్గకుండా మింగుతున్నాడా? మింగాడు. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరులో అంకె కూడా కిందికి దిగలేదు. డాక్టరుగారితో మాట్లాడి గొట్టం వద్దనుకున్నాం.

ఈ మూడింట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఇక్కడ రాసిన దారి ఆ బిడ్డకు వర్తించదు. దవడ చిన్నదై నాలుక వెనక్కి జారే పిల్లలకు ముందు ఊపిరి సంగతి చూడాలి. వాళ్లను పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఆసుపత్రిలో ఉంచి గమనించడం లాంటివి అవసరమవుతాయి. అలాంటి బిడ్డకు ఇంట్లో సీసాలు మార్చి చూస్తూ కూర్చోకూడదు.

అమ్మమ్మ ఉగ్గుగిన్నె

మా అల్మరాలో వాల్వు ఉన్న ప్రత్యేక సీసాలున్నాయి. అయినా మొదటి వారం ఉగ్గుగిన్నెనే ఎంచుకున్నాను. అమ్మమ్మ చేతికి అది బాగా అలవాటు. నలుగురు పిల్లలను దాంతోనే పెంచింది. సీసా అంటే వాళ్లింట్లో అందరికీ భయం పట్టుకుంది. భయపడే చేతికి కొత్త వస్తువు ఇచ్చే టైము కాదనిపించింది. గిన్నె సరైనదే, మార్చాల్సింది కూర్చోబెట్టే తీరు.

వెల్లకిలా పడుకున్న బిడ్డ నోట్లో పాలు వెనక్కి జారి, చీలికలోంచి ముక్కులోకి పోతాయి. అందుకని బాబును అమ్మమ్మ ఎడమ మోచేతి మీద దాదాపు కూర్చున్నట్టు నిలబెట్టించాను. తల, మెడ, వీపు ఒకే వరసలో ఉండాలి, గడ్డం కాస్త ఛాతీ వైపు వంగాలి. తల వెనక్కి వాలకూడదు. గిన్నె మూతిని చీలిక లేని కుడివైపు కింది పెదవి మీద ఆనించి, పాలు పెదవిని తాకేదాకా వంచి ఆగాలి. నాలుక ముందుకొచ్చి పాలు అందుకుంటుంది. బుగ్గ లోపలి వైపు కాస్త పోసి, గుటక పడేదాకా ఆగి, మళ్లీ పోయాలి. కళ్లు పెద్దవి చేసినా, వేళ్లు విప్పార్చినా, కనుబొమలు పైకి లాగినా ఎక్కువైందని అర్థం. దగ్గు రాకముందే ఈ గుర్తులు కనిపిస్తాయి.

ఈ పిల్లలు పాలతోపాటు గాలి చాలా మింగుతారు. అందుకే ప్రతి 10 నుంచి 15 మి.లీ.కి ఒకసారి ఆపి త్రేన్పు తీయించమన్నాను. ముక్కులోంచి కొంచెం పాలు వస్తే కంగారు పడొద్దని, పట్టడం ఆపి ముందుకు వంచి తుడిచి మళ్లీ మొదలుపెట్టమని చెప్పాను. అయ్యాక తడి గుడ్డతో చీలిక అంచులు మెల్లగా తుడిస్తే చాలు. వేలు లోపలికి పెట్టి రుద్దకూడదు.

ఎంత పట్టాలన్నది ఇలా లెక్క వేశాం. ఈ వయసు బిడ్డకు కిలోకు రోజుకు సుమారు 150 మి.లీ. కావాలి. ఇప్పటి బరువుకు అది 360 మి.లీ., ఎనిమిది పూటలకు పంచితే పూటకు 45. కానీ మా గురి పుట్టినప్పటి బరువు కాబట్టి, నాలుగైదు రోజుల్లో పూటకు 50 మి.లీ. దాటాలనుకున్నాం. ఒక్కో పూట 30 నిమిషాలు దాటకూడదు. అంతకన్నా ఎక్కువసేపు కష్టపడితే, తాగిన పాలలో చాలా భాగం ఆ కష్టానికే ఖర్చవుతుంది.

పాలు ఎవరివి? తల్లివే, కానీ మొదటి రోజు పిండితే రెండువైపులా కలిపి 20 మి.లీ. కూడా రాలేదు. 18 రోజులుగా బాబు రొమ్మును ఖాళీ చేయలేదు, అందుకే పాలు తగ్గాయి. మూడు గంటలకోసారి, రాత్రి కూడా ఒకసారి తప్పకుండా, రెండువైపులా చేత్తో పిండమన్నాను. పాలు పెరిగేదాకా చాలని భాగం డబ్బాపాలతో భర్తీ చేశాం. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం, 30 మి.లీ. నీళ్లకు ఒక చెంచా, చెంచా అంచు దాకా చదునుగా. పలచగా కలిపితే అరుగుతుందని చాలామంది అనుకుంటారు, కానీ బరువు పెరగాల్సిన బిడ్డకు ఆ నీళ్లతో కడుపు నిండిపోతుంది. మా దగ్గరికి వచ్చిన పన్నెండో రోజుకు డబ్బా అవసరం తీరిపోయింది.

ఇంకో సంగతి. తల్లి, అమ్మమ్మ ఇద్దరూ 40 మి.లీ. పట్టామంటే 40 తాగినట్టు రాస్తున్నారు. మెడకు కట్టిన గుడ్డ తడిగా ఉండటం చూసి, ఒక పూట ఆ గుడ్డను ముందూ వెనకా తూచాను. 12 గ్రాములు పెరిగింది. అంటే 40లో 28 మాత్రమే లోపలికి వెళ్లాయి. ఉగ్గుగిన్నెతో పట్టేటప్పుడు కారిపోయేది కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ పూట నుంచి 55 పోసి 40 అని రాయించాను.

తాతయ్య ఎవరో చెప్పారని అంగిలి ప్లేటు గురించి అడిగారు. మా దంతవైద్యులు కూడా చూసి వద్దన్నారు. ప్లేటు ముందున్న గట్టి అంగిలిని కప్పుతుంది కానీ, వెనక మెత్తటి భాగం తెరుచుకునే ఉంటుంది. కాబట్టి పీల్చే బలం తిరిగి రాదు. చిగుళ్లు, ముక్కు ఆకారం సరిచేయడానికి ఒక రకం ప్లేటు ఆపరేషన్‌కు ముందు వాడతారు, అది వేరే ఉద్దేశం. దానికోసం తరచూ వచ్చి సరిచేయించుకోవాలి. మూడు గంటల బస్సు ప్రయాణం చేసి బాలింత ప్రతి వారం రావడం జరిగే పని కాదు.

మూడు రోజులకు ఇంటికి పంపాం. మొదటిసారి తూచిన ఏడు రోజులకు, అంటే బాబుకు 25వ రోజున, బరువు 2,590. వారంలో 170 గ్రాములు, రోజుకు 24. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి.

నా పొరపాటు

ఇక్కడితో ఆగినా నడిచేది. ఉగ్గుగిన్నెతోనే ఆపరేషన్ దాకా పెరిగిన పిల్లలను చాలామందిని చూశాను. కానీ రాత్రిపూట అమ్మమ్మ ఒక్కతే లేస్తోంది. తల్లికి గిన్నెతో చేయి కుదరడం లేదు. పూటపూటకీ పాలు కారిపోతున్నాయి. బాబు దవడతో నొక్కే బలం మాత్రం చక్కగా ఉంది. అందుకని వాల్వు సీసా ఇచ్చాను.

ఈ సీసాలో నిపుల్ అడుగున చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. అదే వాల్వు. పాలు సీసాలోంచి నిపుల్‌లోకి రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. బిడ్డ చిగుళ్లతో నొక్కితే నిపుల్‌లో ఉన్న పాలకు నోట్లోకి రావడం తప్ప వేరే దారి ఉండదు. పీల్చాల్సిన పని లేదు. నిపుల్‌కు ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా ఉంటుంది. మందం వైపు పైకి, అంగిలి వైపు ఉండాలి. పలచటి వైపు నాలుక మీద ఉండాలి. అంచులో ఉన్న గాలి రంధ్రం ముక్కు కిందికి రావాలి. ఇదే సూత్రంతో పొడవాటి నిపుల్ ఉన్న హేబర్‌మన్ ఫీడర్ కూడా ఉంది. పాలు పీల్చలేని కూతురున్న మ్యాండీ హేబర్‌మన్ అనే తల్లి దాన్ని తయారుచేసింది. మా దగ్గరికొచ్చే కుటుంబాలకు దాని ధర అందదు.

తల్లికి అన్నీ చూపించాను. ఆమె నా ముందే ఒకసారి పట్టింది. బాబు 20 నిమిషాల్లో 50 మి.లీ. తాగాడు. సంతోషంగా పంపించాను. రెండుసార్లు ఫోన్ చేసి అడిగాను. "బాగానే తాగుతున్నాడు మేడమ్" అంది తల్లి. ఎంతసేపు పడుతోందని అడగలేదు.

32వ రోజున వచ్చారు. 2,630 గ్రాములు. ఏడు రోజుల్లో పెరిగింది 40 గ్రాములు.

మొదట తల్లి పాలు మళ్లీ తగ్గాయేమో అనుకున్నాను. లేదు, పూటకు 70 మి.లీ. వస్తున్నాయి. జలుబు, విరేచనాలు, జ్వరం ఏవీ లేవు. డాక్టరుగారు గుండె చప్పుడు మళ్లీ విన్నారు. అంగిలి చీలిక ఉన్న కొందరు పిల్లల్లో గుండె లోపం కూడా ఉండొచ్చు కాబట్టి ఆ ఆలోచన సరైనదే. అక్కడా ఏమీ దొరకలేదు. రక్తపరీక్షలు రాయబోతుంటే, ముందు ఒక పూట చూద్దామండీ అన్నాను.

తల్లి సీసా తీసింది. నిపుల్ తిరగబడి ఉంది, గాలి రంధ్రం గడ్డం వైపు ఉంది. సరిచేశాను. అయినా బాబు నొక్కుతున్నాడు, నొక్కుతున్నాడు, సీసాలో పాల గీత మాత్రం కదలడం లేదు. అరగంట దాటినా 15 మి.లీ. కూడా దిగలేదు. సీసా తీసుకుని తలకిందులుగా పట్టి నిపుల్‌ను వేళ్లతో నొక్కాను. కొస నుంచి ధార రావాలి. రాకపోగా సీసా లోపల బుడగలు లేచాయి. మూత విప్పి చూస్తే వాల్వు లేదు.

అమ్మమ్మ వెంటనే గుర్తుపట్టింది. "ఆ తెల్ల బిళ్లా? మొదటిరోజు సీసా ఉడకబెడితే నీళ్లలో తేలింది. కొత్త సామానుకు పెట్టే మూత ముక్క అనుకుని కిటికీలో పెట్టానమ్మా." ఆమె ముఖం చిన్నబోయింది. తప్పు ఆమెది కానే కాదు. ఆ ఇంట్లో సీసా కడిగేది, ఉడకబెట్టేది అమ్మమ్మ. నేను నేర్పింది తల్లికి. పట్టడం నేర్పాను కానీ, విప్పి కడిగి తిరిగి బిగించడం నేర్పలేదు. అదే మాట ఆమెతో చెప్పాను.

వారమంతా ఆ బాబు వాల్వు లేని సీసాతో, వాషర్ లేని బోరింగు కొట్టినట్టు కొట్టాడు. ఆకలితో ఏడిస్తే అమ్మమ్మ మధ్యమధ్యలో ఉగ్గుగిన్నెతో పోసిందట. ఆ 40 గ్రాములు కూడా అందువల్లే పెరిగాయి.

కొత్త వాల్వు ఇచ్చి, ఈసారి అమ్మమ్మ చేత నాలుగుసార్లు విప్పించి బిగింపించాను. పట్టే ముందు ప్రతిసారీ చేయాల్సిన పరీక్ష కూడా నేర్పాను: సీసా వంచి నిపుల్ నొక్కితే ధార రావాలి, బుడగ లోపలికి పోకూడదు. తాతయ్యతో నిపుల్ అంచు మీద గాలి రంధ్రం పక్కన పెన్నుతో చుక్క పెట్టించాను. ఆ చుక్క ఎప్పుడూ ముక్కు వైపే ఉండాలి. ఆ పూటే 60 మి.లీ. 20 నిమిషాల్లో అయింది. 39వ రోజున బరువు 2,850. వారంలో 220 గ్రాములు.

ఆపరేషన్ లెక్క పాల దగ్గరే మొదలవుతుంది

మొదటి రోజు నుంచీ తాతయ్య అడిగేది ఒకటే, ఆపరేషన్ ఎప్పుడని. మా సర్జన్లు చాలాకాలంగా వాడుకలో ఉన్న పదుల లెక్కను దృష్టిలో పెట్టుకుంటారు: వయసు పది వారాలు, బరువు పది పౌండ్లు అంటే సుమారు నాలుగున్నర కిలోలు, హిమోగ్లోబిన్ పది గ్రాములు. పెదవికి మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి తొమ్మిది నెలల తర్వాత, ఏడాదిన్నర లోపు. మత్తు తట్టుకోవడానికి, కుట్టు మానడానికి ఈ హద్దులు పెట్టుకున్నారు. అంగిలిని మరీ ఆలస్యం చేస్తే మాట ముక్కుతో రావడం అలవాటైపోతుంది. అలాగని మరీ తొందరపడితే పై దవడ ఎదుగుదల దెబ్బతింటుందన్న ఆందోళన ఉంటుంది.

నేను తాతయ్యకు క్యాలెండర్ మీద బరువులు రాసి ఇచ్చాను. రోజుకు 30 గ్రాముల చొప్పున వెళ్తే ఏ వారానికి ఎంత ఉండాలో ఆయనే లెక్క వేసుకునేవారు. ప్రతి శుక్రవారం అంగన్‌వాడీలో తూకం వేయించి నాకు ఫోన్ చేసేవారు. 100 గ్రాములు కూడా పెరగని వారం వస్తే మర్నాడే రమ్మన్నాను. అలాంటి వారం మళ్లీ రాలేదు.

95వ రోజున 4,500 గ్రాములు. ఇంట్లో అందరూ ఆపరేషన్‌కు సిద్ధమై వచ్చారు. హిమోగ్లోబిన్ 9.1. రెండు మూడు నెలల వయసులో ఏ బిడ్డకైనా హిమోగ్లోబిన్ సహజంగా కాస్త తగ్గుతుంది. దానికి తోడు ఈ బాబుకు మొదటి నెల తిండి సరిగా అందలేదు. మత్తు డాక్టరుగారు ఆగుదామన్నారు. పెదవి ఆపరేషన్ ఒక నెల ఆలస్యమైతే బిడ్డకు నష్టం లేదు, రక్తం తక్కువగా ఉన్నప్పుడు చేస్తే ప్రమాదం. ఐరన్ చుక్కలు రాశారు. నాలుగు వారాలకు 10.3 వచ్చింది. అంతలో జలుబు, దగ్గు. ఛాతీలో కఫం ఉండగా మత్తు ఇవ్వడం మంచిది కాదని ఇంకో మూడు వారాలు వాయిదా వేశారు.

ఆ రోజు తల్లి ఓపీ బయట బెంచీ మీద ఏడ్చింది. పక్కన కూర్చుని నిజమే చెప్పాను: తేదీ వాయిదా పడింది కానీ బాబు వెనకబడలేదు, రోజూ పెరుగుతూనే ఉన్నాడు. మొదటి రోజు రాసిన 2,420 అన్న అంకెను ఆమెకు చూపించాను. అప్పుడు ఆమె చేతిలో ఉన్న బిడ్డ 5,200.

దాదాపు ఐదు నెలలకు, 5,500 గ్రాముల బరువుతో, పెదవి ఆపరేషన్ అయింది. ఖర్చు కుటుంబం మీద పడలేదు. ఆర్‌బీఎస్‌కే కింద చికిత్స చేయించే సమస్యల్లో ఇదీ ఉంది. కొన్ని ఆసుపత్రుల్లో స్మైల్ ట్రైన్ సంస్థ సాయంతో కూడా ఉచితంగా చేస్తారు. ముందు రోజు మేం గట్టిగా చెప్పింది పస్తు గురించి: తల్లిపాలైతే ఆపరేషన్‌కు నాలుగు గంటల ముందు ఆపాలి, డబ్బాపాలైతే ఆరు గంటలు. ఏడుస్తున్నాడని మధ్యలో ఒక్క గుక్క పట్టినా తేదీ పోతుంది. ఆపరేషన్ అయిన కొన్ని గంటలకే పాలు పట్టమన్నారు మా సర్జను. కుట్ల మీద నిపుల్ ఆనకుండా మొదటి వారం మళ్లీ ఉగ్గుగిన్నె. అమ్మమ్మ చేయి అప్పటికే సిద్ధంగా ఉంది కాబట్టి ఒక్క పూట కూడా పాలు తగ్గలేదు.

ఆరు నెలలు నిండాక మెత్తటి తిండి మొదలుపెట్టారు. జావ పలచగా ఉంటే ముక్కులోంచి వచ్చేది. కాస్త చిక్కగా చేసి, కూర్చోబెట్టి పెడితే తగ్గింది. తొమ్మిదో నెల నుంచి సీసా తగ్గించి గ్లాసుతో తాగడం అలవాటు చేయించాను. అంగిలి ఆపరేషన్ తర్వాత మూడు వారాలపాటు నోట్లోకి నిపుల్, చెంచా, గట్టి తిండి, వేళ్లు ఏవీ వెళ్లకూడదన్నది మా దగ్గరి నియమం. సీసా తప్ప వేరే తెలియని బిడ్డ ఆ మూడు వారాలు ఆకలితో ఉండిపోతాడు. 11వ నెలలో, 8,100 గ్రాముల బరువుతో, అంగిలి మూశారు.

ఇప్పుడు ఏం మార్చాం

సీసా ఇచ్చే ముందు "మీ ఇంట్లో ఇది ఎవరు కడుగుతారు?" అని అడుగుతున్నాను. కడిగేవాళ్లు రాకుండా సీసా ఇవ్వను, అంతవరకు ఉగ్గుగిన్నెతోనే పంపుతాను. ప్రతి సీసాతోపాటు ఇంకో వాల్వు విడిగా ఇస్తున్నాం. ఫోనులో "బాగా తాగుతున్నాడా" అని అడగడం మానేశాను. ఎన్ని మి.లీ., ఎన్ని నిమిషాలు, రోజుకు ఎన్నిసార్లు మూత్రం అని మూడు అంకెలు అడుగుతాను. మూత్రం ఆరుసార్ల కన్నా తగ్గినా, ఒక పూట అరగంట దాటుతున్నా వెంటనే రమ్మంటాను. సీసా ఇచ్చిన మూడో రోజున ఒకసారి వచ్చి నా ముందు పట్టించి వెళ్లాలి. దూరం ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో పట్టి చూపిస్తారు, అందులో నిపుల్ మీది చుక్క కనిపించాలి.

అంగిలి ఆపరేషన్ అయిన నెలకు ఆ కుటుంబం చూపించుకోవడానికి వచ్చింది. అమ్మమ్మ స్టీలు గ్లాసుతో పాలు పడుతోంది. గ్లాసు దించి, కొంగుతో ముక్కు తుడవబోయి ఆగింది. ముక్కు పొడిగా ఉంది. వినికిడి పరీక్షలో మధ్య చెవిలో నీరు ఉన్నట్టు తేలింది. అంగిలి చీలిన పిల్లల్లో ఇది తరచుగా ఉంటుంది కాబట్టి మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తామన్నారు ఈఎన్‌టీ డాక్టరు. మాటల పరీక్షకు ఏడాదిన్నర నిండాక రమ్మని కార్డు మీద రాసిచ్చాను.